పార్టీలో గ్లాసు వద్దనడం ఎలా: బరంపురం హాస్టల్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి

ఫ్రెషర్స్ పార్టీలు రెండుంటాయి. ఆడిటోరియంలో జరిగేది మొదటిది. అక్కడ సమోసా, కూల్‌డ్రింకు, నాలుగు డాన్సులు, ప్రిన్సిపాల్ గారి ఉపన్యాసం. అది అయ్యాక ఎవరో ఒకరి అద్దె గది మేడ మీదో, గోపాలపూర్ బీచ్ వైపు లాడ్జిలోనో జరిగేది రెండోది. ఇక్కడ చెప్పేదంతా ఆ రెండోదాని గురించే.

పర్లాకిమిడి నుంచో, చికిటి నుంచో, రాయగడ నుంచో బరంపురం వచ్చి చేరినవాళ్లకి ఇందులో ఇంకో చిక్కుంది. గదిలో సగం మంది ఒడియా మాట్లాడతారు, సగం మంది తెలుగు. కొత్త ఊరు, ఇంకా స్నేహాలు గట్టిపడలేదు. ఇప్పుడు కాదంటే ఈ నాలుగేళ్లూ ఒంటరిగా ఉండిపోతామేమోనని లోపల గుబులు. మాటకారి అయితే ఏదో జోకేసి తప్పించుకుంటాడు. సిగ్గరి నవ్వి ఊరుకుంటాడు, ఆ నవ్వుని అవతలివాళ్లు సరే అనుకుంటారు. అందుకని మాటకారితనం అక్కర్లేని పద్ధతే చెబుతాను.

ముందు నా అభిప్రాయం. వద్దన్నందుకు స్నేహం పోవడం నేను పెద్దగా చూడలేదు. ఎందుకు వద్దో పది నిమిషాలు వివరించినందుకు, తాగేవాళ్ల వైపు అదోలా చూసినందుకు, మర్నాడు ఎవరెవరు తాగారో హాస్టల్ అంతా చెప్పినందుకు పోయినవి మాత్రం చాలా చూశాను. కాబట్టి వద్దనే మాటని ఎంత చిన్నదిగా చేయగలిగితే అంత మంచిది.

బయల్దేరే ముందు

కడుపునిండా తిని వెళ్లు. ఆకలితో ఉన్నవాడు ఏది చేతికిస్తే అది పుచ్చుకుంటాడు. ఫోన్ ఛార్జింగ్ చూసుకో. ఆటోకి సరిపడా డబ్బులు ఫోన్‌లో కాకుండా జేబులో నోట్లుగా పెట్టుకో. గోపాలపూర్ బరంపురానికి పదిహేను కిలోమీటర్ల పైమాటే, రాత్రయ్యాక అక్కడ ఆటో దొరకడం కష్టం. వెళ్లేటప్పుడే తిరుగు ప్రయాణం ఎవరితోనో ఖాయం చేసుకో. తాగబోయేవాడి బండి వెనక కూర్చుని వెళ్తే, తిరిగొచ్చేది కూడా వాడు తాగాకే. ఆ పరిస్థితిలో చిక్కుకుంటే రాత్రి రెండింటిదాకా అక్కడే ఉండాలి. అంతసేపు ఉంటే ఎంత గట్టివాడైనా అలసిపోయి చివరికి సరే అంటాడు.

తర్వాతది సిగ్గరులకి తప్పనిసరి. చెప్పబోయే మాటని గదిలోనో బాత్రూంలోనో కొళాయి తిప్పి గట్టిగా నాలుగైదుసార్లు పలికి చూసుకో. “వద్దు, నేను తాగను.” అంతే. వినడానికి వెర్రిగా ఉంటుంది గానీ, సిగ్గరి గొంతులోంచి మొదటిసారి వచ్చే మాట గుసగుసలా వస్తుంది. స్పీకర్ మోగుతున్న గదిలో అది ఎవరికీ వినపడదు. ఒడియాలో కూడా ఒకటి నేర్చుకో: “ముఁ పియేని భాయి.” ఒడియా సీనియర్‌కి వాళ్ల భాషలో చెబితే మాట సగం మెత్తబడుతుంది. బరంపురంలో ఎవరికీ అది వింతగా అనిపించదు, ఇక్కడ అందరూ రెండు భాషల్లో బతికేవాళ్లే.

వీలైతే గదిలో ఒక్కరికి ముందే చెప్పి ఉంచు. రూమ్మేటే కానక్కర్లేదు. “నేను రేత్రి తాగను, నన్నెవడైనా పట్టుకుంటే కాస్త చూడు” అంటే చాలు. వాడు తాగినా ఫర్వాలేదు. అసలు తాగేవాడు “ఆణ్ని ఒగ్గేయండ్రా” అంటేనే ఆ మాటకి బలం ఎక్కువ.

వెళ్లిన పది నిమిషాల్లో

అడుగుపెట్టగానే చేతిలోకి ఒక గ్లాసు తెచ్చుకో. ఖాళీ చేతులు చూస్తేనే ఎవరికైనా పోయాలనిపిస్తుంది. సీలు తీయని సీసా నువ్వే తెరిచి, నువ్వే పోసుకో. అప్పటికే కలిపి పెట్టిన జగ్గులోంచి, పెద్ద గిన్నెలోంచి తీసుకోకు. కూల్‌డ్రింకులో వోడ్కా కలిపితే రంగు మారదు, వాసన కూడా పెద్దగా ఉండదు. నాలిక మీద చేదు తగిలినా గొంతు కాస్త మండినా అక్కడే ఆపేయ్. గ్లాసు కిందపెట్టి బయటికి వెళ్లొస్తే, తిరిగొచ్చాక అది పారబోసి కొత్తది పోసుకో. అమ్మాయిలు ఈ విషయంలో ఒక్కసారి కూడా మొహమాటపడొద్దు. ఎవరు చూస్తున్నా సరే, పారబోయడమే.

గ్లాసు సగం కంటే తగ్గనివ్వకు. నిండుగా ఉన్న గ్లాసుని చూసి చాలామంది ముందుకెళ్లిపోతారు. అడిగితే “నాది ఉంది” అను, ఒడియాలో “మోర్ అఛి.” గ్లాసులో ఏముందో చెప్పాల్సిన పని లేదు.

మొదటిసారి, రెండోసారి, మూడోసారి

ఒక్కసారి అడిగి ఊరుకునే పార్టీ ఉండదు. మన ఇళ్లలో చుట్టానికి రెండోసారి అన్నం వడ్డించకపోతే ఎలా తప్పో, అక్కడా మళ్లీ అడగడం మర్యాద కిందే లెక్క. కాబట్టి రెండోసారి అడిగితే అది ఒత్తిడని కంగారుపడకు. మూడుసార్లు వస్తుందనుకునే వెళ్లు.

చిన్నా అనే కుర్రాడు ఉన్నాడనుకుందాం. పర్లాకిమిడి వైపువాడు, మేడ మీద గోడకి ఆనుకుని నిల్చున్నాడు. సీనియర్ గ్లాసు పట్టుకొచ్చాడు.

“ఏట్రా చిన్నా, ఖాళీగా నిల్చున్నావు? ఇదిగో, పట్టు.”

“వద్దన్నా, నేను తాగను. నాది ఉంది.”

“అరె, బీరేరా. దీనికేటవుద్ది?”

“నేను తాగనన్నా. ఈ పాట ఎవడు పెట్టాడు, మార్చేద్దామా?”

“ఏటి, మాతో కలవవేటి నువ్వు?”

“కలిసే ఉన్నాను కదన్నా. తాగను, అంతే. చికెన్ ఎక్కడుంది, ఆకలేస్తంది.”

చిన్నా ఏం చేశాడో చూడు. మూడుసార్లూ అదే మాట. గొంతు పెంచలేదు, కొత్త కారణం చెప్పలేదు. రెండోసారి నుంచి ఆ మాట వెంటనే ఇంకో సంగతి ఎత్తాడు, అదీ అక్కడే గదిలో ఉన్న సంగతి. సీనియర్‌కి పరువు పోకుండా అక్కడినుంచి కదలడానికి ఒక దారి దొరికింది. చికెన్ చూపించడానికి వెళ్తే వాడు ఓడిపోయినట్టు కాదు.

సిగ్గరులు చేసే పనులు రెండు ఇక్కడ దెబ్బతీస్తాయి. ఒకటి, “తరవాత చూద్దాంలే” అనడం. అది వద్దన్నట్టు నీకనిపిస్తుంది, వాళ్లకి మాటిచ్చినట్టు వినిపిస్తుంది. అరగంటయ్యాక “తరవాతన్నావు కదా” అని పదిమందితో వస్తారు. అప్పుడు కాదనడం రెట్టింపు కష్టం. రెండోది, తల అటూ ఇటూ ఊపి నవ్వడం. మన తల ఊపులో అవునూ ఉంది, కాదూ ఉంది. మసక వెలుతురులో అవతలివాడు తనక్కావాల్సినట్టు చదువుకుంటాడు. తల బదులు చెయ్యి వాడు. గ్లాసు మూతి మీద అరచెయ్యి పెట్టు, లేదా అరచెయ్యి ముందుకి చూపించు. కళ్లలోకి చూడలేకపోతే వాడి కనుబొమల మధ్య చూడు, తేడా ఎవరికీ తెలీదు.

“బీరే కదా” అనే మాట ఎక్కువ వింటావు కాబట్టి ఒక లెక్క నీ కోసం చెబుతాను, అక్కడ వాదించడానికి కాదు. 650 మిల్లీలీటర్ల పెద్ద సీసా స్ట్రాంగ్ బీరులో, 8 శాతం ఉంటే, దాదాపు 40 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. విస్కీ 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో ఉండేది సుమారు 10 గ్రాములు. అంటే ఆ ఒక్క సీసా నాలుగు చిన్న పెగ్గులకి సమానం. ఎప్పుడూ తాగని ఒంటికి అది చిన్న విషయం కాదు.

కారణం చెప్పాలా?

చెప్పకుండా ఉండటమే మేలు. కారణం చెప్పావంటే దానికి జవాబు వెతుకుతారు. మందులు వాడుతున్నానంటే “ఏ మందులు, చూపించు” అంటారు. రేపు పరీక్ష అంటే పరీక్షయ్యాక వస్తారు. మాల వేసుకోకుండా వేసుకున్నానన్నా, కార్తీకం కాకపోయినా వ్రతమన్నా వారంలో మెస్సులో చికెన్ ప్లేటు ముందు దొరికిపోతావు. నిజంగా వ్రతం ఉంటే చెప్పు, ఒడిశాలో కార్తీకంలో నీచు మానేసేవాళ్లు ఎంతమందో కాబట్టి వెంటనే అర్థం చేసుకుంటారు. అబద్ధపు కారణం ఒక రాత్రి గడిపిస్తుంది, తర్వాత నాలుగేళ్లు దాన్ని మోయాలి.

ఒడిశాలో 21 ఏళ్లు నిండనివాళ్లకి మద్యం అమ్మకూడదని చట్టం ఉంది. అది నీకు తెలిసి ఉండటం మంచిదే. గదిలో మాత్రం ఎత్తకు. ఫస్టియర్ కుర్రాడు చట్టం మాట్లాడితే గదిలో సగం మంది వాణ్ని ఇన్‌ఫార్మర్ అనుకుంటారు.

అంతకీ వదలకుండా “ఎందుకు తాగవురా?” అని నిజంగా తెలుసుకోవాలనే అడిగేవాడు ఒకడుంటాడు. వాడికి “నాకిష్టం లేదు” చాలు. ఇష్టం లేదన్నదానికి ఎదురు వాదన ఉండదు.

ఎవడిస్తున్నాడో చూడు

ఇచ్చేవాళ్లందరూ ఒకలాంటివాళ్లు కారు. అతిథి మర్యాదగా ఇచ్చేవాడు ఒకడు. వాడికి కావాల్సింది నువ్వు ఖాళీగా ఉండకూడదని, అంతే. ఇంకొకడు తను తాగుతున్నది ఒంటరిగా కనిపించకూడదని ఇస్తాడు. వాడి పక్కన కూర్చుని కబుర్లు చెబితే గ్లాసు సంగతి మర్చిపోతాడు. సిగ్గరులకి ఇదే సులువైన పార్టీ పని, ఎందుకంటే వాడే మాట్లాడతాడు, నువ్వు వింటే చాలు.

మూడోవాడు వేరు. తలుపు దగ్గర నిల్చుని, నీ చుట్టూ నలుగురిని పోగేసి, “తాగితేనే పంపుతాం” అంటాడు. ఇక్కడ స్నేహం సంగతి లేదు. జూనియర్ చేత బలవంతంగా తాగించడం ర్యాగింగ్. 2009 నాటి యూజీసీ నిబంధనల కింద కాలేజీ దాని మీద చర్య తీసుకోవాలి. అక్కడికక్కడ తగాదా పడకు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడువు, లేదా ఇంకొకరితో కలిసి వచ్చేయ్. తర్వాత కాలేజీ యాంటీ ర్యాగింగ్ కమిటీకి చెప్పొచ్చు, జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522కి చెప్పొచ్చు. అది ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది.

బిళ్లలైతే పద్ధతి వేరు

బీరు అంటే మూడుసార్లు నవ్వుతూ వద్దనొచ్చు. బిళ్ల అంటే ఒక్కసారే, నవ్వకుండా. “నేను బిళ్లలు వేసుకోను” అని అక్కడినుంచి లేచి వేరే చోటికి వెళ్లు.

ఎవడూ దాన్ని మత్తు అని పరిచయం చెయ్యడు. “నొప్పి బిళ్లే”, “నిద్ర బాగా పడుద్ది”, “పరీక్షలకి టెన్షన్ తగ్గుద్ది” అంటాడు. ఎక్కువగా అవి నిజంగానే మందుల షాపులో దొరికేవే: ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, అల్ప్రాజోలం లాంటి నిద్ర మాత్రలు. డాక్టర్ చీటీ మీద సరైన మోతాదులో వాడినప్పుడు అవి మందులే. పార్టీలో వాటి పక్కన మద్యం ఉంటుంది, ప్రమాదం అక్కడే. మద్యం, ఈ మాత్రలు కలిస్తే మెదడులో ఊపిరిని నడిపే భాగం మందగిస్తుంది. మనిషి నిద్రపోతున్నట్టే ఉంటాడు, ఊపిరి మాత్రం తగ్గుతూ పోతుంది. ట్రమడాల్ ఎక్కువైతే మూర్ఛ కూడా రావచ్చు. స్ట్రిప్పు లేకుండా అరచేతిలో విడిగా ఇచ్చిన బిళ్ల అయితే, అందులో ఏముందో ఇచ్చినవాడికి కూడా తెలీదు.

“ఏంటిది?” అని ఆసక్తిగా అడగకు. అడిగావంటే సగం ఒప్పుకున్నావనుకుని రెండో సగం కోసం పనిచేస్తాడు. “సగం వేసుకో చాలు” అన్నా అంతే జవాబు. ఇంకో మాట, ఎవరి బిళ్లా “కాసేపు నీ జేబులో పెట్టు” అంటే పుచ్చుకోకు. ట్రమడాల్ 2018 నుంచి మాదక ద్రవ్యాల చట్టం కిందకి వచ్చింది, అల్ప్రాజోలం అంతకుముందు నుంచే ఉంది. చీటీ లేకుండా నీ దగ్గర దొరికితే కేసు నీ మీదే. తలనొప్పిగా ఉంటే కూడా ఆ గదిలో ఎవరి దగ్గరా మాత్ర తీసుకోకు, హాస్టల్‌కి వచ్చి నీ డబ్బాలోది వేసుకో.

ఎవడైనా పడిపోతే

తాగనివాడివి నువ్వొక్కడివే అయితే ఈ పని నీదే. పడుకున్నవాణ్ని భుజం పట్టి గట్టిగా కుదిపి పిలువు. లేవకపోయినా, ఊపిరి నిమిషానికి ఎనిమిది కంటే తగ్గినా, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్ల ఖాళీ వస్తున్నా, పెదాలు నీలంగా మారినా, గొంతులో గరగర వినిపించినా నిద్ర అనుకోవద్దు. 108కి ఫోన్ చెయ్యి. ఈలోగా వాణ్ని పక్కకి తిప్పి పడుకోబెట్టు, పై కాలు ముందుకి మడిచి, నోరు కిందవైపుకి ఉండేలా. వెల్లకిలా ఉంటే వాంతి గొంతులో అడ్డుపడుతుంది. ఊపిరి పూర్తిగా ఆగితే ఫోన్‌లో వాళ్లు చెప్పినట్టు ఛాతీ నొక్కడం మొదలుపెట్టు. మజ్జిగ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం ఏవీ పనిచేయవు, వాంతి చేయించే ప్రయత్నం అసలు వద్దు. ఒంటరిగా వదలకు. ఏం తాగాడో, ఏ బిళ్ల వేసుకున్నాడో ఆసుపత్రిలో దాచకుండా చెప్పు, స్ట్రిప్పు దొరికితే పట్టుకెళ్లు. వార్డెన్‌కి తెలుస్తుందనే భయంతో ఆలస్యం చేసే గంటే ప్రాణం తీసే గంట.

మర్నాడు పొద్దున్న

చాలామంది రాత్రి బాగా నెట్టుకొచ్చి పొద్దున్న పాడుచేసుకుంటారు. తాగనివాడు సిగ్గుపడి రెండు రోజులు తప్పించుకుని తిరుగుతాడు. తాగినవాళ్లు అది చూసి “మనమంటే అసహ్యం పడ్డాడు” అనుకుంటారు. కాబట్టి పొద్దున్నే వాళ్లున్న చోటికి నువ్వే వెళ్లు. ఉప్మా ఘుగుని బండి దగ్గరికి “తినడానికొస్తారా?” అని పిలువు. తలపట్టుకు కూర్చున్నవాడికి నీళ్ల సీసా ఇవ్వు, నోరు మాత్రం ఎత్తకు. “చెప్పానా” అన్న ఒక్క మాటతో స్నేహితుణ్ని పోగొట్టుకోవచ్చు.

రాత్రి ఎవరు ఏడ్చారు, ఎవరు వాంతి చేసుకున్నారు, ఏ అమ్మాయి పేరు ఎత్తారు, ఇవన్నీ నీకొక్కడికే పూర్తిగా గుర్తుంటాయి. ఇంకెక్కడా చెప్పకు. ఫోటోలు ఎవరికీ పంపకు, స్టేటస్‌లో పెట్టకు. ఇలా రెండు పార్టీలు గడిచాయంటే నిన్ను పిలిచేవాళ్లే ఎక్కువవుతారు, బండి తాళాలు కూడా నీకే ఇస్తారు. లైసెన్సు లేకపోతే ఆ తాళాలు తీసుకుని జేబులో పెట్టుకో, నడపకు. అందరినీ ఆటోలో పంపించు.

తాగే స్నేహితుడు తాగని వేళలో ఎలా ఉంటాడో అదే అసలు స్నేహం. క్రికెట్‌కి, ల్యాబ్ రికార్డులకి, ఊరెళ్లే రైలుకి తోడు వెళ్లు. ఆ గుంపులో వారానికి ఒక రాత్రి తప్ప మిగతా అన్ని వేళలా నువ్వున్నావంటే, ఆ రాత్రి నీ గ్లాసులో ఏముందో ఎవరికీ పట్టదు. కొందరికి పట్టొచ్చు. మూడు పార్టీలయ్యాక కూడా నీ గ్లాసే వాడి మాట అయితే, వాడితో క్రికెట్ వరకే ఉంచుకో.

ఎవరికైనా మానుకోవాలని ఉండి మానలేకపోతుంటే 14446కి ఫోన్ చేయమని ఆ ఒక్కడికే, విడిగా చెప్పు. అది వ్యసనం మాన్పించడానికున్న జాతీయ హెల్ప్‌లైన్, డబ్బులు కట్టక్కర్లేదు.

తర్వాతి పార్టీకి పిలిచినప్పుడు “వస్తాను, పదింటికి వెళ్లిపోతాను” అని ముందే చెప్పు. చెప్పిన వేళకి లేచి, పిలిచినవాడికి చెప్పి బయల్దేరు. పిలిచినవాడెవడో తెలీకపోయినా, తిరిగొచ్చే దారి నీ చేతిలో లేకపోయినా, పోయినసారి బిళ్లలు తిరిగిన గది అదే అయినా వెళ్లకు. “ఈసారికి రాలేను రా, రేపు టిఫిన్‌కి కలుద్దాం” అని పంపించు, పొద్దున్న నిజంగానే వెళ్లు.